రిగ్రెషన్ గీత ఓ మోస్తరుగానే కుదిరినప్పుడు ‘రుజువైంది’కి బదులు ఏం రాయాలి?

రిగ్రెషన్ చేశారు. గీత పైకి వాలింది, p విలువ చాలా చిన్నగా వచ్చింది, R² మాత్రం 0.6 దగ్గర ఆగింది. ఇక ఫలితాన్ని ఒక వాక్యంలో రాయాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. లెక్క సరిగ్గా ఉంటుంది, వాక్యం చివర వచ్చే క్రియ మాత్రం లెక్క మోయలేనంత బరువుగా ఉంటుంది. ‘రుజువైంది’, ‘నిర్ధారణ అయింది’, ‘తేలింది’ లాంటి మాటలు చేతికి అలవాటుగా వచ్చేస్తాయి. వాటి బదులు ‘సూచిస్తోంది’, ‘చూపుతోంది’, ‘బలం చేకూరుస్తోంది’ వాడమని అందరూ చెబుతారు. ఈ మూడింటిలో దేన్ని ఎక్కడ వాడాలన్నది మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. మూడూ ఒకటే అర్థమన్నట్టు మార్చి మార్చి వాడితే జాగ్రత్త కనిపిస్తుంది కానీ సమాచారం అందదు. కాబట్టి నిజమైన డేటా ఒకటి తీసుకుని, ఒక్కో వాక్యానికి ఒక్కో క్రియను ఎలా ఖాయం చేసుకోవాలో చూద్దాం.

డేటా 1929 నాటిది. ఎడ్విన్ హబుల్ 24 గెలాక్సీల దూరాలనూ, అవి మన నుంచి దూరంగా వెళ్తున్న వేగాలనూ పక్కపక్కన పెట్టి, దూరం పెరిగేకొద్దీ వేగమూ పెరుగుతోందని ప్రచురించాడు. దూరం మెగాపార్సెక్‌లలో, వేగం సెకనుకు కిలోమీటర్లలో ఉంది. వేగం రుణాత్మకమైతే ఆ గెలాక్సీ మన వైపు వస్తోందని అర్థం. ఈ డేటానే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో గీత ఓ మోస్తరుగానే కుదురుతుంది. పైగా అసలు విలువ ఎంతో తర్వాతి కాలంలో తెలిసింది కాబట్టి, అప్పట్లో ఏ వాక్యం ఎంత బరువు మోయగలిగేదో ఇప్పుడు సరిచూసుకోవచ్చు.

## ముందు లెక్క చేసి పెట్టుకోండి

ఈ కోడ్‌ను R లో నడిపితే కింద చెప్పే అంకెలన్నీ మీకూ వస్తాయి.

```r
d <- c(.032,.034,.214,.263,.275,.275,.45,.5,.5,.63,.8,.9,
       .9,.9,.9,1,1.1,1.1,1.4,1.7,2,2,2,2)
v <- c(170,290,-130,-70,-185,-220,200,290,270,200,300,-30,
       650,150,500,920,450,500,500,960,500,850,800,1090)
m <- lm(v ~ d)
summary(m)
confint(m)
sd(v)
predict(m, data.frame(d = .9), interval = "prediction")
plot(d, v); abline(m)
```

వాలు 454, దాని ప్రామాణిక దోషం 75. గీత నిలువు అక్షాన్ని −41 దగ్గర ఖండిస్తుంది. R² 0.62. p విలువ పది లక్షల్లో 4.5 వంతు. అవశేషాల ప్రామాణిక దోషం 233. వాలుకు 95 శాతం విశ్వాస అవధి సుమారు 298 నుంచి 610 వరకు.

అవశేషం అంటే గీత చెప్పిన వేగానికీ కొలిచిన వేగానికీ మధ్య తేడా. సగటున చుక్కలు గీతకు ఎంత దూరంలో చెదిరి ఉన్నాయో ఆ 233 చెబుతుంది. రిపోర్టులు రాసేవాళ్లు సాధారణంగా దాటేసే అంకె ఇదే. క్రియను ఎంచుకోవడంలో అన్నిటికంటే ఎక్కువ సాయపడేదీ ఇదే.

## R² ను అసలు కొలమానంలోకి మార్చి చూడండి

0.62 అనగానే ‘62 శాతం వివరించాం’ అనే మాట గుర్తొస్తుంది. అది విస్తృతి గురించిన మాట, అంటే తేడాల వర్గాల లెక్క. మనకు కావలసింది సెకనుకు ఎన్ని కిలోమీటర్ల మేర పొరబడతామన్నది. దూరం గురించి ఏమీ తెలియకుండా ప్రతి గెలాక్సీకీ సగటు వేగమే చెప్పామనుకోండి, ప్రామాణిక విచలనం 371 వస్తుంది. గీతను వాడితే అది 233కు దిగుతుంది. అంటే మన పొరపాటు తగ్గింది మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ, అంతే. ‘62 శాతం’ అన్నప్పుడు మనసులో మెదిలే బొమ్మ వేరు, ఇది వేరు.

ఇంకాస్త దగ్గరగా చూడండి. డేటాలో సరిగ్గా 0.9 మెగాపార్సెక్‌ల దూరంలో నాలుగు గెలాక్సీలున్నాయి. వాటి వేగాలు −30, 150, 500, 650. గీత ఆ దూరానికి చెప్పే వేగం 368. నాలుగింటిలో ఒక్కటీ దానికి దగ్గరగా లేదు, ఒకటైతే మన వైపే వస్తోంది. అదే దూరంలో కొత్త గెలాక్సీ దొరికితే దాని వేగానికి 95 శాతం అవధి సుమారు −125 నుంచి 861 వరకు వస్తుంది. ఈ అవధిని కాగితం మీద రాసుకుని, దాని పక్కన ‘దూరం తెలిస్తే వేగం తెలుస్తుందని రుజువైంది’ అని రాసి చూడండి. ఆ వాక్యం నిలబడదని మీకే అర్థమవుతుంది.

మరి p విలువ అంత చిన్నగా ఎందుకు వచ్చింది? అది అడిగే ప్రశ్న వేరు. నిజంగా వాలు సున్నా అయి ఉంటే ఇలాంటి డేటా రావడం ఎంత అరుదు అన్నదే దాని ప్రశ్న. వాలు సున్నా కాదని నమ్మడానికి మంచి కారణముందని అది చెబుతుంది. చుక్కలు గీతకు దగ్గరగా ఉన్నాయని మాత్రం చెప్పదు. చిన్న p ను చూసి బలమైన క్రియ వాడటం ఈ రెండు ప్రశ్నలనూ కలిపేసినందువల్ల జరిగే తప్పు. చుక్కలు వేలల్లో ఉంటే R² 0.02 ఉన్నా p అతి చిన్నగా రావచ్చు.

R² ఎంతకు తగ్గితే ‘ఓ మోస్తరు’ అనాలన్న హద్దు అన్ని రంగాలకూ ఒకటే ఉండదు. ప్రయోగశాలలో పరికరాన్ని సరిచూసుకునే గీతకు 0.98 వచ్చినా ఏదో తేడా ఉందని అనుమానించాలి. మనుషుల ప్రవర్తన మీద డేటాలో 0.3 వచ్చినా మంచి ఫలితమే కావచ్చు. అందుకే హద్దు కోసం వెతకడం కంటే, పైన చేసినట్టు ఫలితాన్ని అసలు కొలమానంలోకి మార్చి చూడటం మేలు.

## ఒక ఫలితాన్ని నాలుగు వాదాలుగా విడగొట్టండి

మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ. క్రియను పేపరు మొత్తానికి కలిపి ఒకటి ఎంచుకోకూడదు, ఒక్కో వాదానికి విడిగా ఎంచుకోవాలి. ఒకే రిగ్రెషన్‌లో కనీసం నాలుగు వాదాలు దాగి ఉంటాయి. దూరం పెరిగితే వేగం పెరుగుతోంది అన్నది దిశ. ఆ పెరుగుదల సరళరేఖలో ఉంది అన్నది ఆకారం. మెగాపార్సెక్‌కు 454 చొప్పున పెరుగుతోంది అన్నది పరిమాణం. విశ్వం విస్తరిస్తోంది కాబట్టి ఇలా జరుగుతోంది అన్నది వివరణ. ‘రుజువైంది’ అని ఒక్క మాట రాస్తే పాఠకుడు ఈ నాలుగూ రుజువయ్యాయని అనుకుంటాడు. నిజానికి నాలుగింటికీ ఉన్న ఆధారాలు ఒకే స్థాయిలో లేవు.

దిశతో మొదలుపెడదాం. దీన్ని డేటాలో నేరుగా చదవగలుగుతున్నాం. కానీ క్రియ రాసేముందు ఒక పరీక్ష పెట్టాలి. కుడి చివర 2.0 దూరంలో ఉన్న నాలుగు గెలాక్సీలూ కన్య గెలాక్సీ సమూహానికి చెందినవి. ఒకే గుంపులోవి కాబట్టి వాటిని నాలుగు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టడం సరికాదు. వాటిని తీసేసి మళ్లీ లెక్క చేయండి:

```r
summary(lm(v ~ d, subset = d < 2))
```

వాలు 531కి మారింది, R² 0.53కు తగ్గింది, అయినా వాలు తన ప్రామాణిక దోషానికి నాలుగున్నర రెట్లుంది. దిశ మారలేదు. ఇలాంటి చోట ‘చూపుతోంది’ అనవచ్చు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు ఇండికేట్స్ అనేది ఇక్కడే. కొలిచిన దాన్నే చెబుతున్నాం, దానికి మించి ఏమీ అనడం లేదు, కొన్ని చుక్కలు తీసినా మాట మారడం లేదు. ఈ మూడూ కుదిరినప్పుడే ఆ క్రియ వాడండి. అప్పుడు కూడా ‘ఈ 24 గెలాక్సీల్లో’ అని పరిధి చెప్పాలి.

ఆకారం సంగతి వేరు. గీత గీశాం కాబట్టి సంబంధం సరళరేఖే అనుకోవడం సహజం. కానీ సరళరేఖను మనమే ఎంచుకుని ఇచ్చాం, డేటా దాన్ని కనిపెట్టలేదు. ఇంకో ఆకారం ఇస్తే ఏమవుతుందో చూడాలి. దూరానికి బదులు దూరపు వర్గాన్ని పెట్టి `lm(v ~ I(d^2))` నడిపితే R² 0.57 వస్తుంది. అంటే 0.62కూ 0.57కూ మధ్య పోటీ. సరళరేఖ కొంచెం ముందుంది కానీ, 24 చుక్కలతో, ఇంత చెదురుతో, ఆ తేడా వక్రరేఖను పోటీలోంచి తప్పించదు. ఇక్కడ ‘సూచిస్తోంది’ అనాలి, ఇంగ్లిష్‌లో సజెస్ట్స్. డేటా ఒక వైపు మొగ్గుతోంది, పోటీలో ఉన్న ఇంకో జవాబు మాత్రం ఇంకా బతికే ఉంది అన్నదే ఆ మాటకు అర్థం. ‘సూచిస్తోంది’ అని రాసినప్పుడల్లా ఆ పోటీ జవాబేమిటో మీరు పేరు పెట్టి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ క్రియను మర్యాద కోసం వాడినట్టే. హబుల్ కూడా తన ముగింపులో ఆ సంబంధాన్ని సుమారుగా సరళరేఖ అనే అన్నాడు.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది, దీంట్లో అనుభవమున్నవాళ్లు కూడా పడతారు. దూరం సున్నా అయితే వేగమూ సున్నా కావాలి కదా అని గీతను మూలబిందువు గుండా పోనిస్తారు. `lm(v ~ 0 + d)` నడిపితే వాలు 424 వస్తుంది, R² ఒక్కసారిగా 0.81కి ఎగబాకుతుంది. కుదురు మెరుగైందని సంతోషించి క్రియను పెంచేస్తారు. నిజానికి ఏమీ మెరుగుపడలేదు. స్థిరపదం తీసేసినప్పుడు R ఈ అంకెను సగటు వేగంతో పోల్చి లెక్కగట్టదు, సున్నాతో పోల్చి లెక్కగడుతుంది. సున్నాతో పోలిస్తే ఏ గీతైనా గొప్పగానే కనిపిస్తుంది. ఈ రెండు R² లను పక్కపక్కన పెట్టకూడదు.

## పరిమాణం: అవధి రాయడంతో పని పూర్తి కాదు

454 అన్న అంకెకు క్రియ ఒక్కటే చాలదు, అవధి కూడా కావాలి. ‘వాలు 454, 95 శాతం అవధి 298 నుంచి 610’ అని రాస్తే చాలావరకు న్యాయం చేసినట్టే. స్థిరపదం ఉంచితే 454, తీస్తే 424, నాలుగు చుక్కలు తీస్తే 531. ఈ ఊగిసలాట అంతా ఆ అవధిలోనే ఉంది. కాబట్టి ‘సుమారు 450గా అంచనా వేస్తున్నాం’ అనడం సరైన మాట. ‘454 అని తేలింది’ అనకూడదు.

కానీ ఈ కథలో అసలు పాఠం ఇంకొకటుంది. నేడు అంగీకరించిన విలువ మెగాపార్సెక్‌కు 70 ప్రాంతంలో ఉంది, కొలిచే పద్ధతిని బట్టి 67 నుంచి 74 వరకు. మన అవధి 298 దగ్గరే మొదలైంది. నిజమైన విలువ అవధిలో లేదు సరికదా, దాని కింది అంచుకు నాలుగో వంతు కూడా లేదు. లెక్క తప్పలేదు. దూరాలే తప్పు. దూరాలు కొలవడానికి హబుల్ వాడిన సెఫీడ్ నక్షత్రాలు రెండు రకాలని, ఒక రకానికి వేసిన కొలతను ఇంకో రకానికి వాడారని 1952లో వాల్టర్ బాడే ప్రకటించాడు. దాంతో దూరాలు దాదాపు రెట్టింపయ్యాయి. దూరపు గెలాక్సీల్లో అత్యంత కాంతివంతమైన నక్షత్రాలనుకున్నవి కొన్ని నిజానికి వెలిగే వాయు మేఘాలని అలన్ సాండేజ్ 1958లో చూపాడు. దూరాలు ఇంకా పెరిగాయి, వాలు ఇంకా పడిపోయింది.

చుక్కలు గీత చుట్టూ ఎంత చెదిరాయన్నదే విశ్వాస అవధికి తెలుసు. అన్ని చుక్కలూ కలిసి ఒకే వైపు జరిగిపోతే దానికి తెలియదు. దూరాలన్నీ ఒకే నిష్పత్తిలో తక్కువగా కొలిస్తే R² లో రవ్వంత మార్పు కూడా రాదు. అందుకే పరిమాణం గురించిన వాక్యంలో షరతు ఉండాలి: ‘ప్రస్తుత దూరపు కొలతలు సరైనవైతే’. మీ పనిలో ఆ షరతు ఏమిటో వెతకండి. తూకం సరిచూశారా, సర్వే ప్రశ్నను అందరూ ఒకేలా అర్థం చేసుకున్నారా, ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచారు, ఇలాంటివే అవి. ‘కావచ్చు’, ‘బహుశా’ అని వాక్యమంతా పలుచన చేయడం కంటే ఇలా ఒక్క షరతును సూటిగా చెప్పడం పాఠకుడికి ఎక్కువ పనికొస్తుంది.

## ‘బలం చేకూరుస్తోంది’ వాడే ముందు అడగాల్సిన ప్రశ్న

ఇక వివరణ. సపోర్ట్స్‌కు మనం ‘బలం చేకూరుస్తోంది’ అనో ‘ఊతమిస్తోంది’ అనో రాస్తాం. ఈ క్రియకు ఒక షరతుంది. బలం చేకూరాలంటే ఆ ప్రతిపాదన ముందే నిలబడి ఉండాలి. డేటా వచ్చాక పుట్టిన ఊహకు అదే డేటా బలం ఇవ్వలేదు, దాన్ని సూచించగలదంతే. రెండో షరతు: డేటా ఇంకోలా వచ్చి ఉంటే ఆ ప్రతిపాదన దెబ్బతినే అవకాశం ఉండాలి.

విశ్వం విస్తరించవచ్చన్న ఆలోచన సాపేక్షతా సమీకరణాల నుంచి 1922లో ఫ్రీడ్‌మన్ పనిలోనే వచ్చింది. 1927లో లెమైటర్ దూరానికీ వేగానికీ అనులోమ సంబంధం ఉండాలని రాబట్టాడు. కాబట్టి 1929 డేటా ఆ ఆలోచనకు బలం చేకూరుస్తోందని రాయడం సమంజసమే. వాలు కిందికి ఉండి ఉంటే ఆ ఆలోచన ఇబ్బందిలో పడేది. అయితే లెమైటర్ దూరంతో పాటు వేగం పెరిగే రేటును అప్పటికే అందుబాటులో ఉన్న గెలాక్సీ వేగాలతోనే లెక్కగట్టాడు. అందుకే హబుల్ అంకె దానికి దగ్గరగా రావడాన్ని మాత్రం బలంగా లెక్కించకూడదు. ఒకే బావిలో రెండుసార్లు తోడిన నీళ్లు అవి. ప్రతిపాదనలో ఏ భాగం డేటాకు ముందు పుట్టింది, ఏ భాగం అదే తరహా డేటాతో తయారైంది అని విడదీసి చూశాకే ఈ క్రియను వాడండి.

హబుల్ ఆ పేపరులో విశ్వం విస్తరిస్తోందని ప్రకటించలేదు. తన ఫలితం డి సిట్టర్ విశ్వ నమూనా చెప్పే ప్రభావానికి సంబంధించినది కావచ్చన్న మాట మాత్రం చివర్లో చేర్చాడు.

ప్రతిపాదనకు బలం చేకూరడం కంటే కింద ఇంకో మెట్టుంది: ‘పొసగుతోంది’, లేదా ‘విరుద్ధంగా లేదు’. డేటా ఆ ప్రతిపాదనను దెబ్బతీయలేదు, కానీ పోటీ ప్రతిపాదనలనూ దెబ్బతీయలేదు అన్నప్పుడు ఈ మాట వాడాలి. R² 0.2 ప్రాంతంలో ఉండి, పోటీగా రెండు మూడు కారణాలు కనిపిస్తున్నప్పుడు నేనైతే ఇక్కడే ఆగుతాను.

## తెలుగులో ప్రత్యేకంగా జారే చోట్లు

‘తేలింది’ మన రాతల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్రియ. ‘అధ్యయనంలో తేలింది’ అని రాసేటప్పుడు అది మెత్తని మాటలా అనిపిస్తుంది. కానీ తేలడమంటే వివాదం ముగిసి నిజం పైకి రావడం, ‘లెక్క తేలింది’, ‘విషయం తేలింది’ అన్నట్టు. ఓ మోస్తరు కుదురుకు ఇది ‘రుజువైంది’ అంత బరువైనదే. ‘స్పష్టమైంది’ కూడా అంతే. మీ రాతలో ఈ రెండు మాటల కోసం వెతికి, దొరికిన చోటల్లా పై నాలుగు వాదాల్లో అది దేని గురించో అడగండి.

ఇంకో చిక్కు కర్త. ‘పరిశోధన సూచిస్తోంది’ అంటే ఏది సూచిస్తోందో తెలియదు. ‘ఈ 24 కొలతలు సూచిస్తున్నాయి’ అంటే బరువు ఎక్కడుందో తెలుస్తుంది. ‘దూరం వేగాన్ని పెంచుతోంది’ అన్న వాక్యం మరీ ప్రమాదం. క్రియలో ‘సూచిస్తోంది’ అని ఎంత జాగ్రత్త పడ్డా, ‘పెంచుతోంది’లో కారణం దొడ్డిదారిన వచ్చేసింది. ‘దూరం ఎక్కువున్న చోట వేగమూ ఎక్కువగా ఉంది’ అంటే ఆ బెడద లేదు.

రెండు మూడు మెత్తని మాటలను ఒకదాని మీద ఒకటి పేర్చడం దీనికి ఎదురు తప్పు. ‘సంబంధం ఉండవచ్చునేమోనని సూచిస్తున్నట్లు కనిపిస్తోంది’ అనే వాక్యం ఏమీ చెప్పదు. ఒక వాదానికి ఒక జాగ్రత్త మాట చాలు. దాన్ని క్రియలో పెట్టండి, లేదా షరతులో పెట్టండి, రెండు చోట్లా వద్దు.

ఇక మొదటి చిత్తు ఇలా ఉందనుకుందాం: ‘గెలాక్సీల వేగం దూరానికి అనులోమానుపాతంలో మెగాపార్సెక్‌కు 454 చొప్పున పెరుగుతుందని ఈ అధ్యయనంలో రుజువైంది (R² = 0.62, p < 0.001). విశ్వం విస్తరిస్తోందని దీంతో స్పష్టమైంది.’

దిద్దాక ఇలా ఉంటుంది: ‘ఈ 24 గెలాక్సీల్లో దూరం ఎక్కువున్నవాటికి వేగమూ ఎక్కువని కొలతలు చూపుతున్నాయి (R² = 0.62). ఒకే సమూహంలోని నాలుగు గెలాక్సీలను తీసేసినా దిశ మారలేదు. పెరుగుదల సుమారుగా సరళరేఖలో ఉందని డేటా సూచిస్తోంది, వక్రరేఖ కూడా దాదాపు అంతే కుదురుతోంది. ప్రస్తుత దూరపు కొలతలు సరైనవైతే వాలు మెగాపార్సెక్‌కు సుమారు 450 (95 శాతం అవధి 298–610). విడి గెలాక్సీలు గీత నుంచి సగటున 230 మేర చెదిరి ఉన్నాయి కాబట్టి, ఒక్క గెలాక్సీ వేగాన్ని అంచనా వేయడానికి ఈ గీత చాలదు. విస్తరించే విశ్వం అన్న ప్రతిపాదనకు ఈ ఫలితం బలం చేకూరుస్తోంది.’

పొడవు పెరిగింది, నిజమే. సారాంశంలో ఇంత చోటు దొరకదు. అక్కడ మొదటి వాక్యం, వాలు అవధి ఉంచి మిగతావి లోపలికి పంపండి. చోటు సరిపోక కుదించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేవి షరతులే, వాటితో పాటే క్రియ కూడా బలపడిపోతుంది. అందుకే శీర్షిక, సారాంశం, బొమ్మల కింద రాసే వ్యాఖ్యలు అన్నీ అయ్యాక పక్కపక్కన పెట్టి చదవండి. లోపల ‘సూచిస్తోంది’ అన్న వాదం శీర్షికలో ‘పెరుగుతుంది’ అయి ఉంటే, దిద్దాల్సింది శీర్షికను.